దేనికో చెప్పకుండా సర్వే ఫారం చేసిపెట్టమంటే

ఈ ఎపిసోడ్ సర్వే ఫారాల గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, టాపిక్ చెప్పకుండా, ఎవరిని అడగాలో చెప్పకుండా, దేనికో కూడా చెప్పకుండా "ఒక సర్వే ఫారం చేసియ్యి" అని అడిగితే ఏం చేయాలి అనే దాని గురించి. నాకు ఇట్లాంటి మెసేజ్‌లు నెలకు రెండు మూడు వస్తాయి. ఎంబీఏ ప్రాజెక్టు పిల్లలు, బీఈడీ చేసేవాళ్లు, ఊర్ల సంఘాలు, అందరూ ఒకే తీరుగా అడుగుతారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు క్లయింట్ "ఒక యాప్ కావాలి" అని ఊరుకునేవాడు. ఇది కూడా అంతే.

ఉదాహరణగా ఒక్క కేసు తీసుకుంటాను. 2025 సెప్టెంబర్‌లో ఆదిలాబాద్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. రైతుల సంఘం ఒకదాంట్లో పనిచేస్తాడు. మెసేజ్‌లో ఉన్నది ఇంతే: "అన్నా, సర్వే ఫారం గావాలె. 25 క్వశ్చన్లు. గూగుల్ ఫారం. శనివారం లోపట."

ఫోన్ చేసి అడిగాను.

"దేని మీద తమ్మీ సర్వే?"

"రైతుల మీదనే అన్నా."

"రైతుల మీద ఏం అడుగుదామని?"

"అన్నీ. పేరు, వయసు, కులం, ఎన్ని ఎకరాలు, ఏమేం ప్రాబ్లమ్స్ ఉన్నయ్, ప్రభుత్వం నుంచి ఏం గావాలె... అట్ల."

ఇక్కడ ఆగుదాం. ఇప్పుడు నేను కూర్చుని 25 ప్రశ్నలు రాయొచ్చు, అరగంట పని. చూడటానికి ఫారం నీట్‌గానే ఉంటుంది. "మీరు ఎదుర్కొంటున్న ప్రధాన సమస్య ఏమిటి?" అని ఒకటి పెడతాం. జవాబులు ఏం వస్తాయో ఆ తమ్ముడికి ఇప్పుడే తెలుసు, నాకూ తెలుసు: ధర లేదు, కూలీలు దొరకరు, వానలు, అడవి పందులు. రెండు వందల మంది దగ్గర ఇదే రాసుకొచ్చాక దాంతో ఏం చేయాలో సంఘానికి తెలియదు. ఆ కాగితాలు బీరువాలోకి పోతాయి.

అందుకని నేను టాపిక్ అడగడం మానేసి వేరే ప్రశ్న వేశాను. "ఈ సర్వే అయినంక మీ సంఘం ఏం చేస్తది? జవాబు ఒక తీరు వస్తే ఏం చేస్తరు, ఇంకో తీరు వస్తే ఏం చేస్తరు?" తమ్ముడికి తెలియలేదు. సార్‌ని అడిగి చెప్తా అన్నాడు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి చెప్పిన సంగతి వింటే, మొదటి మెసేజ్‌కీ దీనికీ సంబంధమే లేదనిపిస్తుంది.

సంఘం దగ్గర కొంచెం డబ్బు ఉంది. ఒక్క పనికి సరిపోతుంది. సభ్యుల్లో చాలామంది పత్తి రైతులు. అందులో ఎక్కువమంది పత్తిని సీసీఐకి, అంటే కాటన్ కార్పొరేషన్‌కి అమ్మకుండా ఊర్లోనే వ్యాపారికి తక్కువ ధరకు ఇచ్చేస్తున్నారని డైరెక్టర్ల బాధ. ఒక డైరెక్టర్ ఆరబోసుకోవడానికి సిమెంటు కల్లం కట్టిద్దామంటాడు. ఇంకొకాయన బండి కిరాయికి మాట్లాడి అందరి పత్తీ కలిపి తీసుకుపోదామంటాడు. మూడో ఆయన అదేం కాదు, ఆ నాలుగు రోజులకు రైతు చేతిలో పైసలు పెడితే చాలు, వ్యాపారి దగ్గరికి పోడు అంటాడు. ముగ్గురూ కొట్లాడుకుని, చివరికి "సర్వే చేద్దాం" అన్నారు. ఆ చివరి ముక్క ఒక్కటే తమ్ముడి దాకా వచ్చింది. ఫారం అడిగేవాడికి ఉద్దేశం తెలియకపోవడం మామూలే. పైన ఎవరికో తెలిసి ఉంటుంది, కిందికి వచ్చేసరికి "25 క్వశ్చన్లు" మాత్రమే మిగులుతుంది.

ఇప్పుడు మనకు పని దొరికింది. రైతు వ్యాపారికి అమ్మడానికి కారణాలు ఏమై ఉండొచ్చు? పత్తి తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. మద్దతు ధర 8 శాతం తేమ ఉన్న పత్తికి. 2024-25 సీజన్‌లో పొడవు పింజ పత్తికి అది క్వింటాల్‌కు 7,521 రూపాయలు. 8 దాటితే ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం, అంటే దాదాపు 75 రూపాయలు కోస్తారు. 12 శాతం ఉంటే సుమారు 300 రూపాయలు పోతాయి. 12 దాటితే సీసీఐ అసలు తీసుకోదు. కాబట్టి తేమ ఒక కారణం. కల్లం కడితే తీరేది ఈ కారణం ఒక్కటే.

మిగతావి వేరు. వ్యాపారి దగ్గరే విత్తనాలకు, మందులకు అప్పు తెచ్చి ఉంటే పత్తి ఆయనకే పోతుంది, అది ఎంత ఎండినా సరే. సీసీఐ డబ్బులు బ్యాంకు ఖాతాలో పడేదాకా ఆగలేని ఇల్లు ఉంటుంది. కౌలు రైతుకు తన పేరు మీద పాసుబుక్కు ఉండదు, సీసీఐ కాగితాలు అడుగుతుంది. ఊరికి కొనుగోలు కేంద్రం దూరమై, రెండు మూడు క్వింటాళ్ల కోసం బండి కిరాయి పెట్టుకుంటే మిగిలేది ఏమీ ఉండదు. చూశారా, ఒక్కో కారణానికి ఒక్కో మందు. పాసుబుక్కు సమస్య అయితే ముగ్గురు డైరెక్టర్లు చెప్పిన మూడు మందులూ పనిచేయవు. సర్వే తేల్చాల్సింది ఇదే. ఏ కారణం ఎంతమందికి ఉంది?

ఇక్కడ నేను చేసే పద్ధతి చెప్తాను. ప్రశ్నలు ముందు రాయను. చివర్లో డైరెక్టర్ల ముందు పెట్టబోయే పట్టికను ముందు గీస్తాను, ఖాళీగా. ఎడమ పక్కన కారణాలు: తేమ, అప్పు, వెంటనే డబ్బు, పాసుబుక్కు, దూరం, ఇతరం. కుడి పక్కన ఎంతమంది, ఎన్ని క్వింటాళ్లు. గడులన్నీ ఖాళీ. దాన్ని ఫొటో తీసి తమ్ముడికి పంపి, "ఇది నిండితే మీ సార్లు నిర్ణయం తీసుకుంటరా?" అని అడిగాను. తీసుకుంటారన్నాడు. ఇక ఈ గడులు నింపడానికి ఏం అడగాలో అదే ప్రశ్న. గడిలోకి పోని ప్రశ్న ఫారంలోకి రాదు. వయసు ఏ గడిలోకీ పోదు, తీసేశాం. కులం కూడా తీసేశాం. "ప్రభుత్వం నుంచి ఏం కావాలి" తీసేశాం. ఎకరాలు పోయాయి, క్వింటాళ్లు వచ్చాయి. సొంత భూమా కౌలా అన్నది ఉండిపోయింది. 25 అనుకున్నది చివరికి 11 అయింది. తమ్ముడు కొంచెం నిరుత్సాహపడ్డాడు, సార్‌కి తక్కువ కనిపిస్తుందేమో అని.

సరే, మొదటి ప్రశ్న రాద్దాం. "మీరు పత్తి సీసీఐకి అమ్ముతారా, వ్యాపారికా?" బాగానే ఉందనిపిస్తుంది కదా? పనికిరాదు. పత్తి ఒక్కసారి చేతికి వచ్చే పంట కాదు. మొదటి ఏరుడు, రెండో ఏరుడు, మూడో ఏరుడు ఉంటాయి. మొదటి ఏరుడు వానలు పోయిన కొత్తలో వస్తుంది, తేమ ఎక్కువ. అదే రైతు దసరా, దీపావళి ఖర్చులకు మొదటి పత్తి వ్యాపారికి వేసి, జనవరిలో ఎండిన పత్తి సీసీఐకి తీసుకుపోతాడు. ఆయన ఏం టిక్ పెట్టాలి? ఏదో ఒకటి పెడతాడు, మనం దాన్ని నమ్ముతాం. కాబట్టి రైతు గురించి కాదు, ఒక అమ్మకం గురించి అడగాలి. కల్లం అవసరం ఎక్కువగా మొదటి పత్తికే కాబట్టి "పోయిన సీజన్‌లో మీరు మొదటిసారి పత్తి అమ్మింది ఎప్పుడు?" అని మొదలుపెట్టాం. ఏడాది కింది మాట కదా, తేదీ అడిగితే ఎవరూ చెప్పలేరు. దీపావళికి ముందా తర్వాతా, నాగోబా జాతరకు ముందా తర్వాతా అంటే ఆదిలాబాద్‌లో టక్కున చెప్తారు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో జరిగే ఆ జాతర అక్కడ క్యాలెండర్ లాంటిది.

తర్వాతిది, ఎవరికి అమ్మారు. ఇక్కడ ఇంకో చిక్కు. సీసీఐ కొనేది ఎక్కువగా జిన్నింగ్ మిల్లుల్లోనే. అదే మిల్లులో ప్రైవేటుగా కూడా కొంటారు. "ఎక్కడ అమ్మినవ్?" అంటే రైతు "జిన్నింగ్‌ల అమ్మిన" అంటాడు. నిజమే చెప్తున్నాడు, కానీ మన గడి నిండదు. కొందరైతే మిల్లు గేటు దాటారు కాబట్టి సీసీఐకే ఇచ్చామనుకుంటారు. దీనికి ఒక చిన్న ఉపాయం: "పైసలు ఎట్ల వచ్చినయి?" అని అడగడం. సీసీఐ అయితే డబ్బు ఆధార్‌తో లింకైన బ్యాంకు ఖాతాలో పడుతుంది. చేతికి నగదు వచ్చిందన్నా, అప్పులో పట్టుకున్నారన్నా అది సీసీఐ కాదు. ఒక ప్రశ్న చెప్పిన జవాబును ఇంకో ప్రశ్న పట్టి చూస్తుంది. రెండూ కలవని కాగితాలు పక్కన పెట్టి మళ్లీ అడగాలి.

అసలైన ప్రశ్న తేమ. "మీ పత్తిలో తేమ ఎక్కువ ఉండటం వల్ల వ్యాపారికి అమ్మారా?" అని రాస్తే అందరూ అవుననే అంటారు. జవాబు మనమే నోట్లో పెట్టాం. పైగా వ్యాపారి తేమ పేరు చెప్పే ధర తగ్గిస్తాడు కాబట్టి ఆ మాట రైతు చెవిలో ఉండనే ఉంది. మీటరు పెట్టి చూశారా, చూస్తే ఎవరు చూశారు, ఎంత చూపించింది అని మూడు ముక్కలుగా విడగొట్టాం. మీటరే పెట్టకుండా వ్యాపారి చేత్తో పిసికి "పచ్చిగుంది" అన్నాడంటే, అక్కడ తేమ ఉందో లేదో మనకు తెలియనట్టే. ఆ గడి వేరు. అలాంటివాళ్లు ఎక్కువ ఉంటే సంఘానికి కావాల్సింది కల్లం కాదేమో, ఒక తేమ మీటరేమో. డైరెక్టర్ల కొట్లాటలో ఈ నాలుగో దారి లేదు.

ఇంకోటి. అమ్మేది మగవాళ్లు కావచ్చు, పత్తి ఏరేది మాత్రం ఎక్కువగా ఆడవాళ్లు. పొద్దున్నే మంచు ఆరకముందు ఏరితే తేమ పెరుగుతుంది. ఏ టైంకి చేనులోకి పోయారో ఇంటాయనను అడిగితే "పొద్దుగాల" అంటాడు. ఏరిన ఆమెను అడిగితే సరిగ్గా చెప్తుంది. కాబట్టి ఆ ఒక్క ప్రశ్న ఇంట్లో వేరే మనిషికి. గూగుల్ ఫారం అయితే ఇది కుదరదు. నేను గూగుల్ ఫారం వద్దన్న కారణాల్లో ఇదొకటి. రెండోది, స్మార్ట్‌ఫోన్‌లో ఫారం నింపే రైతు, నింపని రైతు ఒకటి కాదు. నింపేవాడికి సీసీఐ స్లాట్ బుక్ చేసుకునే యాప్ కూడా వస్తుంది. మనకు ఎక్కువ తెలియాల్సింది ఆ రెండోవాడి గురించి.

అయితే ఎవరిని అడగాలి? "ఎంత మంది దొరికితే అంత మంది" అన్నాడు తమ్ముడు. దొరికేవాళ్లు అంటే రోడ్డు పక్క ఊర్లవాళ్లు, మీటింగులకు వచ్చేవాళ్లు. లోపల గూడేల్లో ఉన్నవాళ్లు దొరకరు. దూరం ఎవరికి సమస్యో వాళ్లే లెక్కలోంచి పోతారు. సంఘం రిజిస్టర్‌లో 420 మంది ఉన్నారు. ఇద్దరు కుర్రాళ్లు వారంలో 60 ఇళ్లు తిరగగలరు. 420ని 60తో భాగిస్తే 7. ఒకటి నుంచి ఏడు దాకా చిట్టీలు వేసి ఒకటి తీశాం. అది 4 వస్తే 4వ పేరు, 11వ పేరు, 18వ పేరు, ఇట్లా. ఆ మనిషి ఇంట్లో లేకపోతే పక్కింటాయనను అడగొద్దు, ఇంకోసారి పోవాలి. ఇది పాటించడమే కష్టం.

60 మంది చాలా అంటే, దేనికి చాలా అన్నది చూడాలి. 60 మందిలో 20 మందికి తేమే కారణమని తేలిందనుకోండి. మూడోవంతు. కానీ మనం అడిగింది అందరినీ కాదు కాబట్టి అసలు సంఖ్య దీనికి 11, 12 శాతం అటో ఇటో ఉండొచ్చు. అంటే 21 నుంచి 45 మధ్యలో. డైరెక్టర్లు "పదిమందిలో ఒక్కరికి ఉన్నా కల్లం కడతాం" అనుకుంటే ఈ జవాబు చాలు. "నలుగురికి ఉంటేనే కడతాం" అనుకుంటే చాలదు, ఇంకా ఇళ్లు తిరగాలి. అందుకే ఆ గీత ఎక్కడో సర్వేకు ముందే రాసి పెట్టుకోమన్నాను. ఫలితం వచ్చాక గీత గీస్తే ఎవరి డైరెక్టర్ వాళ్లకు కావాల్సిన చోట గీసుకుంటాడు.

ఇప్పటిదాకా ఫారం అడిగినవాళ్లకు ఉద్దేశం తెలియడం గురించి మాట్లాడాం. జవాబు చెప్పేవాళ్లకు తెలియకపోతే ఏమవుతుంది? దీనికి మన దగ్గర అందరికీ గుర్తున్న ఉదాహరణ ఉంది. 2014 ఆగస్టు 19, సమగ్ర కుటుంబ సర్వే. ఆ రోజు సెలవు ఇచ్చారు. బస్సులు, రైళ్లు నిండిపోయాయి. మా కరీంనగర్ వైపు ముంబై, భీవండి, సూరత్ నుంచి పనులు వదులుకుని మనుషులు వచ్చారు. సంక్షేమ పథకాలు అర్హులకు అందడానికి వివరాలు అని ప్రభుత్వం చెప్పింది. కానీ ఏ ప్రశ్న ఏ పథకానికి, ఏ జవాబుకు ఏమవుతుంది అన్నది ఇంటి దగ్గర ఎవరికీ తెలియదు. తెలియని చోట జనం సొంతంగా ఊహించుకుంటారు. ఆ రోజు ఇంట్లో లేకపోతే రేషన్ కార్డు పోతుందని ఒకరు, బండి ఉందంటే పింఛను పోతుందని ఒకరు. బ్యాంకు ఖాతా నంబరు అడగడం మీద గోల అయితే, అది తప్పనిసరి కాదని చెప్పాల్సి వచ్చింది.

లెక్క చూడండి. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో సుమారు 83 లక్షల కుటుంబాలు, 3.5 కోట్ల మంది. ఇంటికి 4.2 మంది. మూడేళ్ల తర్వాత ఈ సర్వేలో మనుషులు 3.6 కోట్లు దాటారు, పెద్ద తేడా కాదు. కుటుంబాలు మాత్రం కోటి దాటాయి. ఇంటికి దాదాపు 3.6 మంది అయ్యారు. మూడేళ్లలో కొన్ని ఇళ్లు నిజంగానే వేరుపడి ఉంటాయి, అది కాదనను. కానీ పథకాలు కుటుంబానికి ఒకటి చొప్పున వస్తాయని నమ్మిన చోట, పెళ్లైన కొడుకు వేరే కుటుంబంగా రాయించుకోవడం సహజం. ఇది అబద్ధం కూడా అనలేం. జనాభా లెక్కల్లో ఒకే వంటగదిలో వండుకుని తింటే ఒక కుటుంబం. మన ఇళ్లలో కుటుంబం అంటే అంత గట్టి గీత లేదు. ప్రశ్న దేనికో తెలియనప్పుడు, ఆ గీతను ఎవరికి లాభం ఉన్నచోట వాళ్లు పెట్టుకుంటారు.

మా పత్తి సర్వేకు కూడా ఇదే ప్రమాదం. ఇంటి ముందు నిలబడి "సంఘం కల్లం కట్టిస్తుంది, అందుకే అడుగుతున్నాం" అంటే ప్రతి ఒక్కరి పత్తీ తడిగానే ఉంటుంది. ఏమీ చెప్పకపోతే రుణమాఫీ వచ్చిందనుకుంటారు, అప్పు లేనివాళ్లు కూడా అప్పు చెప్తారు. రెండింటి మధ్య నిజమైన మాట ఒకటి దొరకాలి. చాలాసేపు కూర్చుని ఇది రాశాం: "మన సంఘం సభ్యులు పోయినేడు పత్తి ఎట్ల అమ్ముకున్నరో తెలుసుకుంటున్నం. దీని మీద స్కీము, లోను ఏం లేదు. ఈ కాగితం మీద మీ పేరు రాయం. ఇష్టం లేకుంటే చెప్పకున్నా ఏం కాదు." పేరుకు బదులు నంబరు వేసి, నంబర్ల లిస్టు సంఘం ఆఫీసులో విడిగా పెట్టారు. అందులో వ్యాపారి అప్పు గురించి ఉంటుంది కదా, ఆ కాగితం వ్యాపారి చేతికి పోతే రైతుకు ఇబ్బంది.

భాష సంగతి. ఫారం తెలుగులో ఉంటుంది, అడిగేది కొన్ని ఇళ్లలో గోండీలో, కొలామీలో, కొన్నిచోట్ల మరాఠీలో. కుర్రాడు అక్కడికక్కడ మనసులో అనువాదం చేసుకుంటే ఒక్కో ఇంట్లో ఒక్కో ప్రశ్న అవుతుంది. అందుకని 11 ప్రశ్నలూ ముందే ఆ భాషల్లో ఎట్ల అడగాలో కూర్చుని ఒప్పుకున్నారు. గోండీ వచ్చిన ఇంకొకరికి వినిపించి, తెలుగులో మళ్లీ చెప్పించారు. ఒక ప్రశ్న తిరిగి వచ్చేసరికి "మీరు ఎందుకు తక్కువకు అమ్ముకున్నారు" అయింది. మనం అడగాలనుకున్నది "ఎందుకు ఆయనకే అమ్మారు". తక్కువకు అన్న మాట ఎక్కడా లేదు. వినేవాళ్లకు అది తప్పు పట్టినట్టు ఉంటుంది. మార్చారు.

60 ఇళ్లకు పోకముందు లిస్టులో లేని ఐదుగురిని అడిగి చూశారు. ప్రశ్న చదివాక, "ఇప్పుడు నేనేం అడిగినట్టు?" అని వాళ్లనే చెప్పమనాలి. అక్కడ "మొదటి అమ్మకం" అంటే ఇద్దరు పత్తి కాదు, సోయా చెప్పారు. నిజమే, సోయా ముందు వస్తుంది. "మొదటి పత్తి అమ్మకం" అని రాయాల్సి వచ్చింది.

మీలో ఎవరినైనా ఇట్లా ఊరికే ఫారం చేయమని అడిగితే, నేను పంపేది ఫారం కాదు, మూడు ఖాళీలున్న ఒక కాగితం. జవాబు వచ్చాక ఏ పని చేస్తారు లేదా మానేస్తారు. ఎవరి గురించి తెలియాలి, వాళ్ల లిస్టు ఎక్కడుంది. ఎప్పటిలోగా. మూడూ నింపి పంపినవాళ్లకు ప్రశ్నలు రాసిపెడతాను. సగం మంది నింపలేక సర్వేనే మానుకుంటారు. కొందరు విద్యార్థులు "మా గైడ్ ఊరికే సర్వే చెయ్యమన్నారన్నా" అంటారు. వాళ్లకైతే మొదటి ఖాళీలో గైడ్‌నే సంతకం పెట్టమంటాను.

ఆదిలాబాద్ తమ్ముడి దగ్గర నుంచి ఇళ్లు తిరగడం మొదలైన రోజు రాత్రి ఒక మెసేజ్ వచ్చింది. "అన్నా, ఒగాయన అన్నిటికీ చెప్పిండు గని అప్పు కాడ మాత్రం చెప్పనన్నడు. ఏం రాయాలె?"

"చెప్పలేదు" అని ఒక గడి పెట్టుకోమన్నాను. ఖాళీగా వదిలితే రేపు ఎవరో దాన్ని "అప్పు లేదు" అని లెక్క వేస్తారు.